“విశేషమేమైనా ఉందా?” అని అడిగినప్పుడు కోపం తెచ్చుకోకుండా జవాబు చెప్పడం ఎలా?

పిల్లలు వద్దని ఇష్టపూర్వకంగా నిర్ణయించుకున్న దంపతులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటే. “పెళ్ళికి వెళ్ళినా, పేరంటానికి వెళ్ళినా ఎవరో ఒకరు అడుగుతారు. మర్యాదగా చెబితే వినరు, గట్టిగా చెబితే పొగరంటారు. ఏం చేయాలి?” మాకు పెళ్ళయి పదహారేళ్ళయింది. పిల్లలు వద్దనుకుని పద్నాలుగేళ్ళయింది. మొదటి అయిదారేళ్ళు నేను చెప్పిన జవాబుల్లో చాలా వరకు తప్పు జవాబులే. వాటివల్ల ప్రశ్నలు తగ్గకపోగా పెరిగాయి. తర్వాత మేమిద్దరం కూర్చుని ఒక పద్ధతి ఏర్పరచుకున్నాం. దాన్నే ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

ముందుగా ఒక హెచ్చరిక చేయాలి. ఇది నిర్ణయం తీసేసుకున్నవారి కోసం రాసింది. ఇంకా తేల్చుకోనివారికీ, పిల్లల కోసం చికిత్స తీసుకుంటున్నవారికీ ఈ జవాబులు సరిపోవు. మనసులో లేని మాటను నోటితో గట్టిగా చెబితే, దాన్ని తర్వాత వెనక్కి తీసుకోవడం చాలా కష్టమవుతుంది.

కావలసినవి

ఇద్దరూ కలిసి స్థిరపరచుకున్న ఒక వాక్యం, సంభాషణను ముగించే మరో వాక్యం కావాలి. అటువైపు బంధువుల్లో ఒకరు, ఇటువైపు బంధువుల్లో ఒకరు, మీ నిర్ణయం తెలిసి మీ పక్షాన మాట్లాడగలవారు ఉండాలి. తల్లిదండ్రులతో, అత్తమామలతో తీరిగ్గా మాట్లాడడానికి ఒక పూట కేటాయించుకోవాలి. మీ వృద్ధాప్యానికీ, ఆస్తికీ సంబంధించిన ఏర్పాటు కాగితం మీద ఉండాలి. ఈ చివరిది చాలామందికి అనవసరంగా తోస్తుంది కానీ, పెద్దవాళ్ళ దగ్గర ఎక్కువగా పనిచేసేది అదే.

1. కారణాలు లేని ఒక వాక్యాన్ని తయారు చేసుకోండి

ఈ పద్ధతి మొత్తానికి ప్రాణం ఈ మెట్టులోనే ఉంది కాబట్టి దీనిమీద తొందరపడకండి.

మనల్ని ఎవరైనా “ఎందుకు?” అని అడిగితే కారణం చెప్పడం మర్యాద అని మనకు చిన్నప్పటినుంచి అలవాటు. అయితే ఈ విషయంలో మీరు చెప్పే ప్రతి కారణానికీ ఎదుటివారి దగ్గర ఒక పరిష్కారం సిద్ధంగా ఉంటుంది. ఉద్యోగమంటే “ఉద్యోగాలు చేసేవాళ్ళంతా కనడంలేదా, మీ అమ్మ వచ్చి చూసుకుంటుంది కదా” అంటారు. ఖర్చంటే “నారు పోసినవాడు నీరు పోయడా” అంటారు. ఆరోగ్యమంటే గుంటూరులో తమకు తెలిసిన డాక్టరు పేరు చెప్పి, అక్కడికక్కడే ఫోను తీస్తారు. పెంచే ఓపిక లేదంటే “కన్నాక అదే వస్తుంది” అంటారు. వాళ్ళలో చెడ్డతనమేమీ లేదు. మీరు ఇబ్బంది చెప్పారు, వాళ్ళు దానికి విరుగుడు చెబుతున్నారు. కారణం చెప్పిన క్షణంలోనే మీ నిర్ణయం ఒక సమస్యగా మారుతుంది, సమస్యను తీర్చడం బంధువుల బాధ్యత అవుతుంది.

అందువల్ల వాక్యంలో నిర్ణయం మాత్రమే ఉండాలి. మేము వాడేది ఇది: “మేమిద్దరం పిల్లలు వద్దని నిర్ణయించుకున్నామండీ. బాగా ఆలోచించుకునే నిర్ణయించుకున్నాం.” ఇందులో “మేమిద్దరం” అన్న మాట తప్పనిసరి. అది లేకపోతే తప్పు భార్యదేనని అటువైపువారూ, అల్లుడిదేనని ఇటువైపువారూ అనుకోవడం మొదలుపెడతారు. “నిర్ణయించుకున్నాం” అన్నది జరిగిపోయిన పనిగా ఉండాలి. “అనుకుంటున్నాం” అంటే ఇంకా మార్చవచ్చని వినబడుతుంది. రెండో ముక్క ఎందుకంటే, “ఇంకా చిన్నవాళ్ళు, తెలియదు” అనే మాటకు అది ముందే జవాబు చెబుతుంది.

మీ ఇంటి భాషకు తగినట్టు మాటలు మార్చుకోవచ్చు. తెలంగాణ పల్లెలో పెరిగిన మా స్నేహితురాలు “మాకు పిల్లలొద్దని ఇద్దరం అనుకున్నమమ్మా, అది అయిపోయిన ముచ్చట” అంటుంది. అది ఆమె నోట్లో సహజంగా ఉంటుంది కాబట్టి బాగా పనిచేస్తుంది. పుస్తకాల భాషలో తయారు చేసుకున్న వాక్యం, అడిగినప్పుడు గొంతులోనే ఆగిపోతుంది.

సంభాషణ ముగించే వాక్యం కూడా ఇలాంటిదే: “ఈ సంగతి మేము మాట్లాడుకుని ముగించేశామండీ. ఇక దీని గురించి నేను మాట్లాడను.” దీన్ని మొదటిసారే వాడకూడదు. అదే వ్యక్తి, అదే పూట, మూడోసారి అడిగినప్పుడు మాత్రమే వాడండి.

2. అడిగేవారు ఎందుకు అడుగుతున్నారో గుర్తించండి

అందరికీ ఒకే లోతున జవాబు చెప్పడమే మనం అలసిపోవడానికి సగం కారణం. నా అనుభవంలో అడిగేవారు మూడు రకాలు.

మొదటి రకంవారు కుశలం అడుగుతారు. రైల్లో ఎదురుసీటు ఆవిడ “పిల్లలెంతమందమ్మా?” అని అడగడం, “ఏ ఊరు?” అని అడగడం లాంటిదే. వీరికి మీ నిర్ణయం వివరించవలసిన అవసరం లేదు. “పిల్లలు లేరండీ” అని మామూలు గొంతుతో చెప్పి, వెంటనే “మీరెక్కడ దిగుతారు?” అని అడగండి. ఆ “లేరండీ” అన్న మాటను దిగులుగా సాగదీస్తే ఆవిడ మిమ్మల్ని ఓదారుస్తుంది. ఊరిపేరు చెప్పినంత తేలికగా చెబితే చాలు.

రెండో రకంవారు దిగులుతో అడుగుతారు. అమ్మ, నాన్న, అత్తగారు, చిన్నప్పుడు ఎత్తుకుని పెంచిన పిన్ని వంటివారు ఈ కోవలోకి వస్తారు. వీరికి ఒక వాక్యంతో సరిపెట్టడం అన్యాయం. వీరి కోసం అయిదో మెట్టు ఉంది.

మూడో రకంవారు తీర్పు చెప్పడానికే అడుగుతారు. ప్రశ్న రూపంలో ఉన్నా అది ప్రశ్న కాదు. “ఇద్దరూ సంపాదించుకుని ఎవరికి పెడతారు?”, “లోపం ఎవరిలో ఉంది?”, “కొడుకు లేకపోతే పున్నామ నరకమని తెలియదా?” వంటివి ఇలా వస్తాయి. ఈ మధ్య ఆంధ్రలో “ముఖ్యమంత్రిగారే ఎక్కువమందిని కనమంటున్నారు” అన్న మాట కూడా చేరింది. ఇద్దరికి మించి పిల్లలున్నవారు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయరాదన్న పాత నిబంధనను 2024 నవంబరులో తీసేసినప్పటినుంచి ఇది మా బంధువుల్లో బాగా వినబడుతోంది. మీరు దీనికి జనాభా లెక్కలతో జవాబు చెప్పబోతే చర్చ అంతులేకుండా సాగుతుంది. రాష్ట్రంలో సగటున ఒక స్త్రీకి కలిగే పిల్లల సంఖ్య 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 1.7. అది నిజమే, అయినా మీ ఇంటి నిర్ణయానికి ఆ అంకెతో సంబంధం లేదు. అవతలివారు వేదికమీది వాదన తెచ్చినా మీరు మీ ఒక్క వాక్యం దగ్గరే నిలబడండి.

ఎవరు ఏ రకమో తెలియకపోతే మొదటి రకమనుకునే జవాబు చెప్పండి. పొరపాటైతే రెండో ప్రశ్నలో వాళ్ళే బయటపడతారు.

వైద్యుల దగ్గర మాత్రం ఈ వర్గీకరణ వర్తించదు. స్త్రీల వైద్యులు కాన్పుల గురించి, గర్భాల గురించి అడిగేది చికిత్స కోసమే కాబట్టి సూటిగా, పూర్తిగా చెప్పండి. శాశ్వత కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స కోసం వెళ్ళి తిరస్కారానికి గురైనవారు కూడా ఒక సంగతి తెలుసుకోవాలి. ప్రభుత్వ కార్యక్రమంలో ఆ శస్త్రచికిత్సకు దంపతులకు కనీసం ఏడాది దాటిన ఒక బిడ్డ ఉండాలన్న నియమం ఉంది. అందువల్ల అక్కడి డాక్టరు కాదన్నంత మాత్రాన అది మీమీద తీర్పు కానక్కరలేదు. తాత్కాలిక పద్ధతుల గురించి అడగడం అక్కడ ఉపయోగపడుతుంది.

3. ఎవరి వైపువారికి వారే చెప్పాలి

ఇది చాలా ఇళ్ళలో తారుమారవుతుంది. అందరి ప్రశ్నలూ భార్యకే వస్తాయి, భర్త పక్కనే నిలబడి నవ్వి ఊరుకుంటాడు. దానివల్ల ఆయన తరఫు బంధువులకు “అబ్బాయికి ఇష్టమే, ఈ అమ్మాయే ఒప్పుకోవడం లేదు” అన్న కథ దొరుకుతుంది. ఆ కథ ఒకసారి పుట్టాక పదేళ్ళయినా పోదు.

కాబట్టి భర్త వైపువారికి భర్తే నోరు విప్పి చెప్పాలి. భార్య వైపువారికి భార్య చెప్పాలి. ఆడవాళ్ళు మాత్రమే ఉన్నచోట మిమ్మల్ని అడిగి, మీ వారు అక్కడ లేకపోతే, మీ వాక్యం చెప్పి, “ఆయన కూడా ఇదే చెబుతారండీ, అడగండి” అని చేర్చండి. ఆ తర్వాత ఆయన నిజంగా అదే చెప్పాలి. అందుకే ఇద్దరూ కలిసి స్థిరపరచుకున్న ఒకే వాక్యం ఉండాలని మొదట్లోనే రాశాను. మా ఇంట్లో ఆయన ఒకసారి “చూద్దాం లెండి” అని తప్పించుకున్నందుకు, మా అత్తగారు మరో రెండేళ్ళు ఆశతో మొక్కులు మొక్కారు. ఆ రెండేళ్ళ ఆశకు బాధ్యత మాదే.

4. నోటితో పలికి సాధన చేయండి

ఇంట్లో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చోండి. ఒకరు మీ బంధువుల్లో అందరికంటే గట్టిగా అడిగేవారి గొంతుతో, వారి మాటలతోనే అడగాలి. రెండోవారు వాక్యం చెప్పి, మాట మార్చాలి. పది నిమిషాలు చాలు. ఏదైనా శుభకార్యానికి వెళ్ళే ముందురోజు చేయడం మంచిది.

సాధనలో మూడింటిని గమనించండి. వాక్యం చివర గొంతు పైకి లేస్తే అది అనుమతి అడుగుతున్నట్టు ఉంటుంది, కాబట్టి కిందికి దించి ముగించాలి. వాక్యం అయ్యాక “అంటే ఏమిటంటే” అని మొదలుపెట్టకూడదు, ఎందుకంటే కారణాలు అక్కడినుంచే బయటికి వస్తాయి. చెప్పిన తర్వాత వచ్చే మౌనాన్ని భరించడం నేర్చుకోవాలి. ఆ రెండు మూడు సెకన్లు చాలా పొడుగ్గా అనిపిస్తాయి. ఆ మౌనాన్ని నింపడానికే మనం అనవసరమైనవన్నీ చెప్పేస్తాం.

మాట మార్చడానికి వాడే ప్రశ్న ఎదుటివారి గురించే అయి ఉండాలి. “మీ మోకాళ్ళ నొప్పి ఎలా ఉందండీ?”, “చిన్నబ్బాయి ఉద్యోగంలో చేరాడటగా?” వంటివి బాగా పనిచేస్తాయి. వాతావరణం గురించి మాట్లాడితే తప్పించుకున్నట్టు తెలిసిపోతుంది.

5. తల్లిదండ్రులతో, అత్తమామలతో విడిగా కూర్చోండి

వీరికి పండగనాడు, వంటింట్లో, నలుగురి మధ్య చెప్పకండి. ఒక సాయంత్రం వాళ్ళింటికి ఇద్దరూ కలిసి వెళ్ళి, టీవీ కట్టేసి చెప్పండి. వీరి ప్రశ్న కింద సాధారణంగా మూడు భయాలుంటాయి. ముసలితనంలో మిమ్మల్ని ఎవరు చూస్తారు, సంపాదించింది ఎవరికి పోతుంది, నలుగురిలో తాము ఏం చెప్పాలి అన్నవే ఆ భయాలు. ఈ మూడింటికీ మీ దగ్గర జవాబు ఉందని చూపించడమే ఆ సాయంత్రం చేయవలసిన పని.

మొదటి రెండింటికీ కాగితం అవసరం. హిందూ వారసత్వ చట్టం, 1956 ప్రకారం పిల్లలు లేని భార్య వీలునామా రాయకుండా పోతే ఆమె స్వార్జితం ముందు భర్తకు, భర్త లేకపోతే భర్త వారసులకు వెళుతుంది. ఆమె తల్లిదండ్రులు ఆ వరుసలో తర్వాతే వస్తారు. తల్లిదండ్రుల నుంచి ఆమెకు వారసత్వంగా వచ్చిన ఆస్తి మాత్రం తండ్రి వారసులకు తిరిగి వెళుతుంది. భర్త వీలునామా లేకుండా పోతే, ఆయన తల్లి బతికి ఉన్నట్టయితే, ఆయన ఆస్తిలో భార్యకూ తల్లికీ సమాన వాటాలు వస్తాయి. ఈ వరుస మీరు కోరుకున్నదే కావచ్చు, కాకపోవచ్చు. కాకపోతే ఇద్దరూ వీలునామాలు రాయాలి. తెల్లకాగితం మీద రాసినా చెల్లుతుంది, స్టాంపు పేపరు అక్కరలేదు. మీరు సంతకం చేస్తుండగా చూసిన ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి. ఆస్తి పొందేవారిని సాక్షిగా పెట్టకపోవడం మంచిది. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు, అయినా సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో చేయిస్తే తర్వాతి తగాదాలు తగ్గుతాయి. హిందువులు కానివారికి వారసత్వ నియమాలు వేరుగా ఉంటాయి కాబట్టి ఒక న్యాయవాదిని అడగాలి.

సంరక్షణ విషయంలో కూడా పెద్దలకు తెలియని సంగతి ఒకటుంది. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టం, 2007 పిల్లలున్నవారికి మాత్రమే కాదు. 60 ఏళ్ళు దాటిన సంతానం లేని వ్యక్తి, తన ఆస్తి అనుభవిస్తున్న లేదా తన తర్వాత ఆ ఆస్తి పొందబోయే బంధువు నుంచి పోషణ కోరే హక్కును ఆ చట్టం ఇచ్చింది. దీన్ని గొప్ప రక్షణగా చెప్పకండి, ఎందుకంటే చట్టం అన్నం పెట్టించగలదు కానీ పక్కన కూర్చోబెట్టలేదు. మీ అసలు ఏర్పాటు ఏమిటో చెప్పండి. ఆరోగ్య బీమా, పదవీ విరమణ నిధి, ఎవరి ఊరికి దగ్గరగా ఉండబోతున్నారు, అత్యవసరమైతే సంతకం పెట్టేదెవరు అన్నవన్నీ ఒక నోటుపుస్తకంలో రాసుకుని తీసుకువెళ్ళండి. మా మామగారు ఆ పుస్తకం రెండుసార్లు చదివి, బీమా మొత్తం తక్కువగా ఉందన్నారు. ఆ రోజునుంచి ఆయన మమ్మల్ని పిల్లల గురించి అడగలేదు, బీమా గురించి మాత్రం ఏటా అడుగుతున్నారు.

మూడో భయానికి, అంటే నలుగురి భయానికి, వాళ్ళు చెప్పుకోవడానికి కూడా ఒక వాక్యం ఇవ్వండి. “పిల్లలు ఇష్టపడి తీసుకున్న నిర్ణయమండీ, మాకూ చెప్పారు” అన్నది సరిపోతుంది. చాలామంది తల్లులు మనల్ని పదేపదే అడిగేది, గుడిలో తమను అడిగినవారికి ఏం చెప్పాలో తెలియకనే.

అమ్మ ఏడిస్తే సంభాషణ చెడిపోయినట్టు కాదు. ఆమె మనవల కోసం ఎదురుచూసింది, ఆ ఆశ పోతుంటే దుఃఖం వస్తుంది. అప్పుడు మీ నిర్ణయాన్ని సమర్థించుకోవడం మొదలుపెట్టకండి. “నీకు కష్టంగా ఉంటుందని తెలుసమ్మా” అని చెప్పి పక్కన కూర్చోండి. దుఃఖాన్ని ఒప్పుకోవడం, నిర్ణయం మార్చుకోవడం రెండూ వేర్వేరు పనులు.

6. ఆ క్షణంలో కోపం వస్తే

కోపం రాకుండా చేసుకోవడం నాకు ఇప్పటికీ సాధ్యం కాలేదు. జవాబు కోపం కంటే ముందు బయటికి రావడమే సాధ్యమయింది. చేతిలో నీళ్ళ గ్లాసో కాఫీ కప్పో ఉంచుకోండి. ప్రశ్న పూర్తయ్యాక ఒక గుక్క తాగండి, తర్వాత వాక్యం చెప్పండి. మింగుతున్నంతసేపు మాట రాదు, అంతలో ఊపిరి కుదుటపడుతుంది.

మళ్ళీ అడిగితే అదే వాక్యం, అవే మాటలతో చెప్పండి. “పాడిందే పాడరా పాచిపళ్ళ దాసరీ” అన్న సామెతను మామూలుగా ఎగతాళికి వాడతారు కానీ, ఇక్కడ మీరు చేయవలసింది సరిగ్గా అదే. కొత్త మాట చెబితే కొత్త ప్రశ్న పుడుతుంది. మూడోసారికి ముగింపు వాక్యం చెప్పి అక్కడినుంచి లేవండి. వెళ్ళడానికి ఒక పని ముందే అనుకుని ఉంచుకోండి. వడ్డనలో సాయం చేయడం అన్నిటికంటే తేలిక.

ఒక సందర్భం పూర్తిగా

తెనాలిలో మా దగ్గరి బంధువుల గృహప్రవేశం జరిగింది. సత్యనారాయణ వ్రతం అయ్యి, ప్రసాదం పంచుతున్న సమయం. మా వారి పెద్ద మేనత్త, నేను పెద్దమ్మగారని పిలుస్తాను, పదిమంది ఆడవాళ్ళ మధ్య నా చేయి పట్టుకుని అడిగారు.

“ఏమ్మా, ఇంకా విశేషమేమీ లేదా? ఇన్నేళ్ళయింది.”

“లేదండీ పెద్దమ్మగారూ. మేమిద్దరం పిల్లలు వద్దని నిర్ణయించుకున్నామండీ. బాగా ఆలోచించుకునే నిర్ణయించుకున్నాం.”

“అదేం మాటమ్మా! వద్దనుకోవడమేమిటి? డాక్టరుకి చూపించుకున్నారా అసలు?”

ఈ రెండో ప్రశ్న దగ్గరే నేను ఇంతకుముందు చాలాసార్లు పడిపోయాను. “మాకేం లోపం లేదండీ” అని చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది. అలా చెప్పి ఉంటే లోపం ఉన్నవారు తలదించుకోవాలని నేనే ఒప్పుకున్నట్టయ్యేది. ఆ గుంపులోనే, నాలుగేళ్ళుగా చికిత్స తీసుకుంటున్న మా తోటికోడలి చెల్లెలు ప్రసాదం ఆకు చేతిలో పట్టుకుని తలవంచుకుని కూర్చుంది. నేను చేతిలోని తీర్థం గుక్కెడు తాగి, అదే వాక్యం మళ్ళీ చెప్పాను.

“ఇద్దరం నిర్ణయించుకున్నదేనండీ. మీ అబ్బాయిని అడిగినా ఇదే చెబుతాడు. మీ కంటి ఆపరేషను ఎప్పుడన్నారు?”

పెద్దమ్మగారు కాసేపు నా ముఖం చూసి, నా చేయి వదలకుండానే, “వచ్చే నెలలో అన్నారమ్మా, భయంగా ఉంది” అన్నారు. తర్వాత పావుగంట మేము కంటిశుక్లాల గురించే మాట్లాడుకున్నాం. బయట మా వారిని ఆవిడ అడిగారు, ఆయన అదే వాక్యం చెప్పారు. ఆవిడకు అది నచ్చలేదు. ఇప్పటికీ నచ్చలేదు. కానీ ఆవిడ మళ్ళీ అడగలేదు, ఆపరేషనుకు తోడుగా నన్నే రమ్మన్నారు.

తరచుగా జరిగే తప్పులు

అన్నిటికంటే నష్టం చేసేది “దేవుడి దయ”, “ఇంకా టైముంది” వంటి తప్పించుకునే జవాబు. ఆ పూటకు అది సుఖంగా ఉంటుంది. కానీ అది విన్నవారు మీరు కోరుకుంటున్నారనీ, కలగడంలేదనీ అర్థం చేసుకుంటారు. అప్పటినుంచి నాగులచవితికి పుట్టలో పాలు పోయమనీ, ఫలానా గుడిలో నిద్ర చేయమనీ సలహాలు వస్తాయి. ఆ సలహాలు ఇచ్చినవారి మీద తర్వాత కోపగించుకోవడం న్యాయం కాదు, మనం చెప్పిన మాటనే వాళ్ళు నమ్మారు.

రెండోది ఎదురుదెబ్బ. “మిమ్మల్ని మీ కొడుకు చూస్తున్నాడా?” అన్న మాట నేను ఒకసారి ఒక పెద్దావిడతో అన్నాను. ఆవిడ కొడుకు ఆవిడను చూడడం లేదని నాకు తెలిసే అన్నాను. ఆవిడ చేతిలోని విస్తరి అలాగే పట్టుకుని నిలబడిపోయింది. ప్రశ్న ఆగిపోయింది, నిజమే. ఆ ముఖం మాత్రం నాకు ఇప్పటికీ గుర్తుంది, ఆ తర్వాత ఆవిడ దగ్గరికి వెళ్ళి క్షమించమని అడగడానికి నాకు మూడు నెలలు పట్టింది. పిల్లలున్నవారి కష్టాలను మన నిర్ణయానికి సాక్ష్యంగా వాడకూడదు. పిల్లల్ని కన్నవారి ఇష్టాన్ని తక్కువ చేసి మాట్లాడడం కూడా అంతే.

మూడోది సీమంతాలకూ, బారసాలలకూ వెళ్ళడం మానేయడం. కొన్ని ఇళ్ళలో సంతానం లేని ముత్తైదువ చేత గాజులు తొడిగించరు. నాకు కూడా ఒకచోట, కుంకుమభరిణె నా చేతికి అందబోతుండగా పక్కవారి చేతికి మారింది. అక్కడే నిలదీస్తే కడుపుతో ఉన్న అమ్మాయి పండగ పాడవుతుంది. మంచి పద్ధతి ఏమిటంటే, ముందురోజే ఆ ఇంటి ఇల్లాలికి ఫోను చేసి, “అక్కా, నాచేత గాజులు తొడిగించడం మీకు ఇబ్బందైతే ముందే చెప్పండి, నేను భోజనాల వేళకు వస్తాను” అని సూటిగా అడగడం. నేను అడిగిన అయిదారు ఇళ్ళలో ఒక్కరు తప్ప అందరూ “అదేం మాట, నువ్వే ముందు తొడగాలి” అన్నారు. ఆ ఒక్కరింటికి నేను భోజనానికే వెళ్ళాను.

పనిచేస్తోందో లేదో ఎలా తెలుసుకోవాలి

ఒక్క శుభకార్యంతో తేల్చకండి. ఏడాదిలో వచ్చే మూడు నాలుగు సందర్భాలు చూడండి. అదే వ్యక్తి రెండోసారి అడుగుతున్నారా అన్నది మొదటి గుర్తు. కొత్తవారు అడుగుతూనే ఉంటారు, దాన్ని లెక్కపెట్టకండి. పాతవారు మళ్ళీ అడుగుతుంటే మీ వాక్యంలో ఎక్కడో కారణమో, ఆశో దూరిందని అర్థం. మీ ఇద్దరిలో ఎవరు ఏం చెప్పారో ఆ రాత్రే పోల్చి చూసుకోండి.

రెండో గుర్తు ఇంటికి వచ్చే దారిలో తెలుస్తుంది. “అలా చెప్పాల్సింది, ఇలా అనాల్సింది” అని దారంతా మనసులో వాదిస్తూ వస్తున్నారా, లేక అక్కడి పులిహోర గురించి మాట్లాడుకుంటూ వస్తున్నారా చూడండి. మొదటిదైతే మీరు ఎక్కడో మింగి ఊరుకున్నారు. ఆ సందర్భాన్నే మర్నాడు సాధనలో మళ్ళీ ఆడి చూడండి.

కొందరి విషయంలో ఏ వాక్యమూ పనిచేయదు. ప్రతిసారీ నలుగురిలో నిలబెట్టి అవమానించడమే వారి ఉద్దేశమైతే, లేదా విడాకుల మాట, రెండో పెళ్ళి మాట ఎత్తి బెదిరిస్తుంటే, అది మర్యాదతో తీరే ప్రశ్న కాదు. అక్కడ భర్త ఎదురుగా నిలబడి “ఈ మాట మళ్ళీ వస్తే మేము రావడం మానేస్తాం” అని చెప్పాలి, చెప్పినట్టు మానేయాలి. మా బంధువర్గంలో అలాంటి ఇల్లు ఒక్కటే ఉంది. ఆ ఇంటికి మేము వెళ్ళక ఏడేళ్ళయింది. మిగతా ఇళ్ళన్నిటికీ వెళుతూనే ఉన్నాం.